పెన్‌డ్రైవ్‌లో పట్టని పెళ్లి వీడియో

64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉంది. ఎక్కించాల్సిన పెళ్లి వీడియో పది జీబీల పైచిలుకు. అయినా విండోస్ ఒప్పుకోదు, ఫైలు మరీ పెద్దదంటుంది. చాలామంది పెన్‌డ్రైవ్ పాడైందనుకుని ఇంకొకటి కొనుక్కొస్తారు. దాని సంగతీ అంతే అవుతుంది.

చిక్కు చోటుతో కాదు, ఫార్మాట్‌తో. చాలా పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంటాయి. అది ప్రతి ఫైలు సైజునూ 32 బిట్లలో రాసుకుంటుంది. ఆ 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 4,29,49,67,295. నాలుగు జీబీలకు ఒక్క బైటు తక్కువ. అంతకు మించిన ఫైలు సైజు రాసుకోవడానికి దానికి గడి లేదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చుకుంటే ఈ హద్దు పోతుంది కానీ, పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి. కొన్ని పాత టీవీలు దాన్ని చదవలేవు కూడా. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుదామంటే అక్కడ 2 జీబీ దగ్గరే ఆగిపోతాం. అప్పుడిక ఫైలును ముక్కలు చేయాల్సిందే.

జిప్ చేస్తే తగ్గదా అని అడుగుతారు. ఎంపీ4 వీడియో అప్పటికే బాగా కుదించి ఉంటుంది కాబట్టి, గంటసేపు జిప్ చేసినా మిగిలేది నామమాత్రమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మూడు గంటల వీడియో, పేరు pelli.mp4, సైజు 11,27,42,90,318 బైట్లు. ఉచితంగా దొరికే 7-జిప్ ప్రోగ్రాం తెరిచి, ఫైల్ మెనూలో స్ప్లిట్ ఫైల్ నొక్కి, ముక్క సైజు దగ్గర 3000M అని ఇస్తే pelli.mp4.001 నుంచి .004 దాకా నాలుగు ఫైళ్లు తయారవుతాయి. మొదటి మూడూ సరిగ్గా 3,14,57,28,000 బైట్ల చొప్పున ఉంటాయి. ఆఖరిది మిగిలినంత, అంటే 1,83,71,06,318. ఇందులో మాయేమీ లేదు. కుదింపు గానీ, తాళం గానీ లేకుండా ఉన్న బైట్లను ఉన్న వరుసలో కోసిపెట్టడమే. అందుకే అతికేవాళ్ల దగ్గర 7-జిప్ లేకపోయినా ఫరవాలేదు. నాలుగు ముక్కల్నీ హార్డ్‌డిస్కులో ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, ఆ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఒక్క వరుస కొడితే చాలు:

```
copy /b pelli.mp4.001+pelli.mp4.002+pelli.mp4.003+pelli.mp4.004 pelli.mp4
```

అందులో `/b` అన్న రెండక్షరాలు మరిచిపోతే కొంప మునుగుతుంది. అది లేకుండా ఫైళ్లను కలపమంటే విండోస్ వాటిని ఉత్త రాతఫైళ్లనుకుంటుంది. 26 విలువ ఉన్న బైటు కనబడగానే, పాత డాస్ అలవాటు ప్రకారం, ఫైలు అక్కడితో అయిపోయిందని తర్వాతి ముక్కకు వెళ్లిపోతుంది. వీడియోలో అలాంటి బైటు ప్రతి కొన్ని వందల బైట్లకూ ఒకటి తగులుతుంది. పది జీబీలు రావాల్సిన చోట వేలెడంత ఫైలు వస్తుంది. ఇది వెంటనే తెలిసిపోయే పొరపాటు కాబట్టి నయమే. ఇదే కమాండ్‌ను పవర్‌షెల్‌లో కొడితే మాత్రం పని చేయదు. అక్కడ `copy` అంటే వేరే ఆజ్ఞ.

ముక్కల పేర్లన్నీ రాయడానికి బద్ధకించి నక్షత్రం గుర్తుతో పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. హార్డ్‌డిస్కులో పేర్లు అక్షరక్రమంలో వస్తాయి కాబట్టి మామూలుగా గడిచిపోతుంది. నేరుగా ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీది నుంచే అతికితే, అక్కడ ఏది ముందు కాపీ అయితే అది ముందు వస్తుంది. అప్పుడు రెండో ముక్కా మూడో ముక్కా తారుమారు కావచ్చు.

అసలు భయపడాల్సింది ఇలాంటి పొరపాటుకే. తారుమారైనా మొత్తం సైజు ఒక్క బైటు కూడా మారదు. ఏ దృశ్యం ఫైలులో ఎక్కడుందో చెప్పే సూచిక ఎంపీ4లో సాధారణంగా మొదట్లోనో చివర్లోనో ఉంటుంది. మొదటి ముక్క, ఆఖరి ముక్క వాటి చోట్లలోనే ఉన్నాయి కాబట్టి ప్లేయర్ చక్కగా తెరుచుకుంటుంది, మూడు గంటలు అని నిడివి కూడా చూపిస్తుంది. స్నాతకం, కాశీయాత్ర, ఎదురుకోలు అన్నీ బాగానే నడుస్తాయి. మొదటి ముక్క అయిపోయే దాదాపు యాభయ్యో నిమిషం దగ్గర తెర గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. జీలకర్ర బెల్లం సరిగ్గా ఆ తర్వాతే ఉందనుకోండి! “వీడియో ఆడుతోంది కదండీ, ఇంకేం కావాలి?” అని స్టూడియో అబ్బాయి అంటే నమ్మకూడదనేది ఇందుకే. మొదటి రెండు నిమిషాలు చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు.

తేల్చేది హాష్. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణితం 64 అంకెలూ అక్షరాల వరుస ఒకటి ఇస్తుంది. ఫైలుకు అది వేలిముద్ర లాంటిది. పది జీబీల్లో ఒక్క బిట్టు మారినా వరుస పూర్తిగా వేరే అవుతుంది. కాబట్టి పంపేవాళ్లు పవర్‌షెల్ తెరిచి, అసలు ఫైలుకూ ముక్కలకూ కలిపి ఈ ఆజ్ఞ ఇవ్వాలి:

```
Get-FileHash pelli.mp4* | Format-List
```

ఐదు ఫైళ్లకు ఐదు వరుసలు వస్తాయి. వాటిని విడిగా మెయిల్‌లో పంపితే సరి. అందుకున్నవాళ్లు అతికాక ఇదే ఆజ్ఞ కొట్టి పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఇది పెద్దక్షరాల్లో చూపిస్తుంది, కొన్ని ప్రోగ్రాములు చిన్నక్షరాల్లో చూపిస్తాయి. ఆ తేడాకు కంగారు పడనక్కర్లేదు.

ముక్కలకు కూడా ఎందుకంటే, మొత్తం ఫైలు హాష్ కలవకపోతే ఎక్కడో తప్పుందని తెలుస్తుంది గానీ, ఎక్కడో తెలియదు. ముక్కల హాష్‌లు ఉంటే మూడోదే చెడిందని చిటికెలో తేలుతుంది. ఆ ఒక్కటే మళ్లీ పంపించుకోవచ్చు. నాలుగూ కలిసి మొత్తం మాత్రం కలవలేదంటే అతికిన వరుసలో తేడా ఉందన్నమాట. కొత్తగా తెప్పించుకోవాల్సిన పనే లేదు, కమాండ్ సరిచూసుకుని మళ్లీ అతికితే చాలు.

మంచి ముక్క దారిలో ఎలా చెడుతుంది? కాపీ అయిపోయిందని తెర మీద కనిపించినా, కొంత సమాచారం ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండి, పెన్‌డ్రైవ్‌లోకి చేరకపోవచ్చు. ఎజెక్ట్ నొక్కకుండా లాగేస్తే అది అక్కడితో పోతుంది. ఇంతకన్నా దొంగ రకం ఇంకొకటుంది. రోడ్డు పక్కన చవగ్గా దొరికే కొన్ని పెన్‌డ్రైవ్‌లు పైకి 64 జీబీ అని చూపిస్తాయి, లోపలున్న చిప్పు ఎనిమిదో పదహారో మాత్రమే. నిండాక కూడా రాసుకుంటున్నట్టే నటిస్తాయి. ఫైళ్ల పేర్లు సరిగ్గా ఉంటాయి, సైజులూ సరిగ్గా ఉంటాయి, లోపలి బైట్లే ఉండవు. హాష్ తప్ప దీన్ని పట్టించేది లేదు. అక్కడ కూడా ఒక జాగ్రత్త కావాలి. కాపీ అవగానే పెన్‌డ్రైవ్‌లోని ముక్కకు హాష్ తీస్తే, కంప్యూటర్ తన మెమరీలో మిగిలిన ప్రతినే చదివి భేషుగ్గా ఉందనవచ్చు. ఎజెక్ట్ చేసి, బయటికి తీసి, మళ్లీ గుచ్చాకే తీయాలి.

అతికే చోట ముక్కలకూ పూర్తి ఫైలుకూ కలిపి రెట్టింపు, అంటే ఇక్కడ ఇరవై ఒక్క జీబీల పైన ఖాళీ ఉండాలి. అతికిన ఫైలు మళ్లీ ఫ్యాట్32 లోకి పట్టదు కాబట్టి ఆ పని హార్డ్‌డిస్కులోనే చేయాలి. అక్కడ హాష్ కలిసిందని అవతలివాళ్లు చెప్పేదాకా స్టూడియో వాళ్లు కార్డులు చెరపకుండా ఆపుకోగలిగితే చాలు.