లైట్లు వెలుగుతాయి, నెట్ మాత్రం రాదు

కరెంటు పోయి వచ్చాక రౌటర్ మొండికేస్తే ఏది ముందు ఆన్ చేయాలి? ఏ మీట జోలికి పోకూడదు?

విజయవాడలో గాలివానకు పోయిన కరెంటు రాత్రి ఏడున్నరకు వచ్చింది. ఎనిమిదింటికి చెల్లెలి ఫోన్. ‘‘అన్నయ్యా, లైట్లన్నీ వెలుగుతున్నాయి, నెట్ మాత్రం రావట్లేదు. తొమ్మిదింటికి క్లయింటుతో మీటింగ్.’’ అప్పటికే రౌటర్‌ను మూడుసార్లు ఆపి వేసిందట. ఈసారి రీసెట్ రంధ్రంలో గుచ్చడానికి పిన్నీసు చేత పట్టుకుని కూర్చుంది.

ముందు ఆ పిన్నీసు పక్కన పెట్టమన్నాను. ఎందుకంటే ఒకసారి ఆ పని నేనూ చేశాను. రీసెట్ చేస్తే కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. కొన్ని కనెక్షన్లకు వీలాన్ నంబరు కూడా ఉంటుంది, అదీ పోతుంది. అవి నా దగ్గర ఎక్కడా రాసి లేవు. టెక్నీషియన్ కోసం రెండు రోజులు ఎదురుచూశాను.

చాలా ఇళ్లలో ఫైబర్ కనెక్షన్‌కు రెండు పెట్టెలుంటాయి. ఫైబర్ తీగ వచ్చి చేరే మోడెమ్‌ను ఓఎన్‌టీ అంటారు. వైఫై ఇచ్చేది రౌటర్. రౌటర్ మీద వైఫై లైటు వెలిగిందంటే ఆ పెట్టె ఇంట్లో సిగ్నల్ పంచుతోందనే అర్థం. బయటి ప్రపంచంతో దానికి సంబంధం ఉందో లేదో ఆ లైటు చెప్పదు. ఆ సంగతి చూడాల్సింది ఓఎన్‌టీ మీద. ‘ఎల్ఓఎస్’ అన్న చోట ఎర్రలైటు ఉంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు. ఇంట్లో ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, ఫిర్యాదు చేయాల్సిందే. ‘పాన్’ లైటు మిణుకుమిణుకుమంటే కంపెనీ యంత్రంతో ఇంకా పరిచయం కుదరలేదు. నిలకడగా వెలిగితే కుదిరినట్టే.

చెల్లెలి పాన్ లైటు నిలకడగానే ఉంది. అయినా క్రమం ప్రకారం మొదలుపెట్టాం. రెండు పెట్టెలనూ ప్లగ్గు నుంచి తీసి ఒక నిమిషం ఆగాలి. ముందు ఓఎన్‌టీ ఒక్కటే ఆన్ చేయాలి. పాన్ లైటు నిలబడేదాకా, అంటే రెండు మూడు నిమిషాలు, రౌటర్‌ను ముట్టుకోకూడదు. తర్వాత రౌటర్. అది కూడా సర్దుకున్నాక ఫోన్, ల్యాప్‌టాప్. రెండూ ఒక్కసారే లేస్తే ఓఎన్‌టీ సిద్ధం కాకముందే రౌటర్ లాగిన్‌కు ప్రయత్నించి విఫలమవుతుంది. మంచి రౌటర్లు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, కొన్ని ఊరుకుంటాయి. ఒకే పెట్టె ఉన్నవాళ్లకు ఈ వరుస గొడవ లేదు. ఓపిగ్గా ఐదు నిమిషాలు ఆగితే చాలు.

ఇంత చేసినా నెట్ రాలేదు. ఇక సెట్టింగులే. రౌటర్ అడుగున అంటించిన చీటీలో చూసి, బ్రౌజర్‌లో `192.168.0.1` కొట్టి లోపలికెళ్లింది. (కొన్నింటికి ఇది `192.168.1.1`.) స్టేటస్ పేజీలో వాన్ ఐపీ ఎదుట `0.0.0.0` ఉంది. అంటే రౌటర్ లాగిన్ కాలేదన్నమాట. వాన్ పేజీలో పీపీపీఓఈ వివరాలు భద్రంగా ఉన్నాయి. వాటి కింద దొంగ దొరికాడు: `Connect Manually`. కనెక్షన్ తెగితే మళ్లీ మనిషే మీట నొక్కాలన్నది దానర్థం. బిగించినవాడు అలా వదిలేశాడు.

ఇన్నాళ్లూ బయటపడలేదేం? రెండు పెట్టెలూ ఇన్వర్టర్ మీద ఉండేవి, కనెక్షన్ తెగేదే కాదు. వారం కింద టేబుల్ జరిపినప్పుడు ఓఎన్‌టీ ప్లగ్గు మామూలు సాకెట్‌లోకి మారింది. కరెంటు పోగానే ఓఎన్‌టీ ఆరిపోయింది. రౌటర్ మాత్రం ఇన్వర్టర్ మీద లైట్లు వెలిగించుకుని దర్జాగా కూర్చుంది.

`Connect Automatically` ఎంచుకుని సేవ్ చేశాక అర నిమిషంలో ఐపీ వచ్చింది. అప్పటికి 8:40.

ఐపీ రాకుండా లాగిన్ తిరస్కరించినట్టు చూపితే పాస్‌వర్డ్ మార్చడానికి తొందరపడొద్దు. కరెంటు హఠాత్తుగా పోతే రౌటర్ సెలవు చెప్పే వీలుండదు. కంపెనీ సర్వర్ లెక్కలో పాత సెషన్ కొన్ని నిమిషాలు బతికే ఉంటుంది. ఒక ఖాతాకు ఒకే లాగిన్ అనే చోట కొత్తదాన్ని రానివ్వదు, పాస్‌వర్డ్ సరైనదైనా సరే. రెండింటినీ పది నిమిషాలు ఆపి మళ్లీ అదే వరుసలో వేస్తే చాలాసార్లు కుదురుతుంది. సర్వర్ నుంచి అసలు జవాబే రావడం లేదని చూపితే మాత్రం లోపం బయట ఉండొచ్చు. కేబుల్ ఆపరేటర్ల కనెక్షన్లలో వీధిలోని స్విచ్‌కు కరెంటు రాకపోయినా ఇలాగే ఉంటుంది. ముందు పక్కింటివాళ్లకు వస్తోందేమో కనుక్కోవాలి.

మీటింగ్ అయ్యాక చెల్లెలు వాన్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంది. పాస్‌వర్డ్ చుక్కల్లో ఉండటంతో కంపెనీకి ఫోన్ చేసి అడిగి డైరీలో రాసుకుంది. ఓఎన్‌టీ ప్లగ్గు మళ్లీ ఇన్వర్టర్ సాకెట్‌లోకి చేరింది.