ఓనర్ అద్దె పెంచమంటే.. ముందు రెండు లెక్కలు!

అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటూనే పక్కనే మధురానగర్ గల్లీల్లో ల్యాప్‌టాప్ రిపేర్ షాపో, జిరాక్స్ సెంటరో పెట్టాలనుకునేవాళ్లు ఉంటారు. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, దగ్గర్లోనే మెట్రో కాబట్టి గిరాకీకి లోటుండదు. అసలు పరీక్ష అగ్రిమెంట్ గడువు ముగిసేటప్పుడు వస్తుంది. ‘ఈసారి పదివేలు పెంచాలి బాబూ’ అని ఓనర్ అంటే ఏం చెప్పాలి? ‘కొంచెం తగ్గించండి’ అని బతిమాలితే పని జరగదు. చేతిలో రెండు అంకెలుండాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. లోపలి గల్లీలో 200 చదరపు అడుగుల ల్యాప్‌టాప్ సర్వీస్ షాపు. ఇప్పటి అద్దె రూ.24,000. మరో మూడేళ్లకు ఓనర్ రూ.34,000 అడుగుతున్నారు. ఈ అంకెలన్నీ లెక్క అర్థం కావడానికే, మీ గల్లీ రేట్లు మీరే కనుక్కోవాలి.

పక్క షాపు ఎంత కడుతోంది?

టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే చెప్పేది అడిగే రేటు. మనకు కావాల్సింది ఇస్తున్న రేటు. అందుకే ఈమధ్యే అద్దెకు దిగిన షాపులవాళ్లనే అడగాలి. సైజు, అడ్వాన్స్, ఏటా పెంపు కూడా రాసుకోవాలి. అద్దెను చదరపు అడుగులతో భాగిస్తేనే పోలిక కుదురుతుంది.

మన గల్లీలో 180 అడుగుల షాపు రూ.27,000 కడుతోందనుకుందాం. అడుగుకు 150. వెనక గల్లీలో 240 అడుగులకు రూ.33,600, అంటే 140. మెయిన్ రోడ్డు మీద 220 పలికినా దాన్ని పక్కన పెట్టాలి, ఎందుకంటే అది మన షాపులాంటిది కాదు. అదే న్యాయంగా, గల్లీ చివర చవగ్గా దొరికే సెల్లార్ షాపునూ చూపించకూడదు. ఈ లెక్కన మన షాపుకి రూ.28,000 నుంచి 30,000 వరకు సరైన రేటు. మధ్యలో 29,000 అనుకుందాం. ఓనర్ అడిగింది అడుగుకు 170.

మారితే ఎంత ఖర్చు?

కొత్త బోర్డుకు 12,000, వైరింగ్, ఇంటర్నెట్‌కు 15,000, కౌంటర్, ర్యాకులకు 35,000, సామాను తరలింపుకు 5,000. బ్రోకర్‌కు ఒక నెల అద్దె 29,000. కొత్త షాపు సిద్ధమయ్యేదాకా రెండు అద్దెలు కట్టే పదిహేను రోజులకు 12,000. మొదటి మూడు నెలలు పాత కస్టమర్లు కొందరు రాక తగ్గే లాభం 36,000. మొత్తం రూ.1,44,000. మూడేళ్లకు, అంటే 36 నెలలకు పంచితే నెలకు రూ.4,000.

అంటే ఉన్నచోటే ఉండటానికి మీరు రూ.33,000 దాకా ఇచ్చినా నష్టం లేదు. అది దాటితే మారడమే నయం. చివర్లో చెప్పిన గిరాకీ నష్టం షాపును బట్టి మారుతుంది. రిపేర్ షాపు కస్టమర్ ఫోన్ చేసి వెతుక్కుంటూ వస్తాడు, కానీ టిఫిన్ సెంటర్ కస్టమర్ పక్క బండి దగ్గర ఆగిపోతాడు.

ఓనర్ వైపు నుంచీ లెక్క వేయండి. మీరు ఖాళీ చేశాక షాపు మూడు నెలలు మూతపడితే ఆయనకు పోయేది 87,000. రంగులు, మరమ్మతులకు 21,000 కలిపితే రూ.1,08,000. నెలకు 3,000. అంటే 26,000కి మీకిచ్చినా ఆయనకు నష్టం లేదు. బేరం జరగాల్సింది 26,000కీ 33,000కీ మధ్యలోనే.

ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

‘అంకుల్, మన గల్లీలో అడుగుకి 140, 150 నడుస్తోంది. నేను టైమ్‌కి కడుతున్నాను, ఒక్క నెల కూడా మీకు ఖాళీ ఉండదు. 26,500 చేద్దాం’ అని మొదలుపెట్టొచ్చు. పక్క రేట్లు చెప్పండి, ఖాళీ నెలలు గుర్తుచేయండి. మీ తరలింపు ఖర్చు మాత్రం బయటపెట్టొద్దు. ‘ఫర్నిచర్‌కే బోలెడు పెట్టాను అంకుల్’ అంటే మీరు కదలలేరని ఆయనకు మీరే చెప్పినట్టు.

మాట 28,000 దగ్గర కుదిరిందనుకోండి, వెంటనే ఏటా పెంపు ఎంతో అడగాలి. 5 శాతమైతే మూడో ఏడు రూ.30,870. 10 శాతమైతే రూ.33,880, అంటే ఓనర్ మొదట అడిగిన దగ్గరికే చేరినట్టు. పోల్చిన షాపుల్లో పెంపు ఎంతుందో ముందే రాసుకోమన్నది ఇందుకే.

మూడు నెలల ముందే

ఈ పనంతా గడువుకు మూడు నెలల ముందు మొదలవ్వాలి. వారం ముందు మాట్లాడితే వేరే షాపు చూసుకునే టైమ్ మీకు లేదని ఓనర్‌కి తెలిసిపోతుంది. నచ్చిన షాపు ఒకటి నిజంగా చూసి ఉంచుకోండి. పాత అడ్వాన్స్ చేతికి రాకముందే కొత్తదానికి కట్టాల్సి వస్తుంది, ఆ డబ్బు కూడా సిద్ధంగా ఉండాలి.

గడువు దాటాక ‘తర్వాత రాసుకుందాంలే’ అని అద్దె కడుతూ పోవడం ప్రమాదం. అప్పుడది నెలవారీ అద్దెగా మారుతుంది. ఒప్పందంలో వేరే షరతు లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చు. కాబట్టి కుదిరిన అద్దె, ఏటా పెంపు, కాలం మూడూ కాగితం మీదికెక్కి, రిజిస్టర్ అయ్యాకే బేరం ముగిసినట్టు.