నీళ్ల మీటర్ ఫొటోలు, ఓనర్‌కి ఒక ఉత్తరం

హైదరాబాద్‌లో ఒక మూడు పోర్షన్ల ఇల్లు అనుకుందాం. కింద ఓనర్‌గారు ఉంటారు, పై రెండు అంతస్తుల్లో అద్దెకున్నవాళ్లు. జలమండలి కనెక్షన్ ఇంటి మొత్తానికీ ఒక్కటే. ఎండాకాలం అది చాలక ట్యాంకర్లు తెప్పిస్తారు. మేడ మీది ట్యాంకు నుంచి ఒక్కో పోర్షన్‌కి దిగే పైపుకి ఒక్కో సబ్‌మీటర్ బిగించారు. నీళ్లకయిన ఖర్చుని ముగ్గురూ వాడిన యూనిట్ల ప్రకారం పంచుకోవాలని అగ్రిమెంట్‌లో రాసుకున్నారు. రెండో అంతస్తులో నలుగురున్న కుటుంబానికి మే నెల నీళ్ల చీటీ వచ్చింది: 21 యూనిట్లు, యూనిట్ 150 రూపాయలు, మొత్తం 3,150.

ఇలాంటప్పుడు చాలామంది ఓనర్‌తో గొడవెందుకని కట్టేస్తారు, లేదంటే మెట్ల దగ్గరే మాటామాటా అనుకుంటారు. ఈ ఇంటి ఇల్లాలు ఆ రెండూ చేయలేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున మేడెక్కి మూడు మీటర్లకీ ఫొటో తీయడం ఆమెకు అలవాటు. వాటిని ముందేసుకుని లెక్క కట్టింది.

మీటర్ చదవడంలో ఒక మెలిక ఉంది. నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే వెయ్యేసి లీటర్లు. బిల్లులో యూనిట్ అనేది అదే. వాటి పక్కనుండే ఎర్ర అంకెలు యూనిట్‌లో భాగాలు, బిల్లుకి వాటితో పనిలేదు. వాటిని వదిలేస్తే ఎవరికీ నష్టం రాదు, మిగిలింది వచ్చే నెల రీడింగ్‌లో కలిసిపోతుంది. అంకె సగం తిరిగి రెండు అంకెల మధ్య ఆగి ఉంటే చిన్నదాన్నే తీసుకోవాలి. ఆమె ఫొటోల్లో మే 1న 246, జూన్ 1న 260 ఉన్నాయి. అంటే వాడింది 14 యూనిట్లు.

మరి 21 ఎక్కడి నుంచి వచ్చింది? ఏప్రిల్ చీటీ తీసి చూస్తే తెలిసింది. ఏప్రిల్‌లో పక్షం రోజులు ఊళ్లో ఉన్నారు కాబట్టి ఆ నెల వాడకం 239 నుంచి 246 వరకు, ఏడు యూనిట్లే. మే లెక్కలో ఓనర్‌గారు 246కి బదులు పై వరుసలో ఉన్న 239ని తీసేశారు. దాంతో ఏప్రిల్‌లో డబ్బు కట్టేసిన ఏడు యూనిట్లు మళ్లీ బిల్లులోకి వచ్చాయి. పోయిన నెల ముగింపు అంకే ఈ నెల మొదలు అంకె కావాలి. ఈ ఒక్కటి సరిచూస్తే ఇలాంటి పొరపాట్లు చాలావరకు బయటపడతాయి. నిజానికి ఇక్కడ ఫొటో కంటే బలమైన సాక్ష్యం ఓనర్‌గారు తన చేత్తో రాసిన పాత చీటీయే.

రెండో తప్పు రేటులో ఉంది, అది పట్టుకోవడం కొంచెం కష్టం. ఆ నెల ఆరు ట్యాంకర్లు వచ్చాయి. ఒక్కొక్కటి ఐదు వేల లీటర్లు, 900 రూపాయలు. మొత్తం 5,400. జలమండలి నీళ్లు 19 కిలోలీటర్లు వచ్చాయి. నగరంలో ఇళ్లకి నెలకి 20 కిలోలీటర్ల దాకా ఉచితం, మీటర్ పనిచేస్తూ ఆధార్ అనుసంధానం అయి ఉంటే. కాబట్టి ఆ బిల్లు సున్నా. పంచుకోవాల్సింది ట్యాంకర్ల ఖర్చొక్కటే. ఓనర్‌గారు ఆ 5,400ని రెండో అంతస్తు 21, మొదటి అంతస్తు 15 కలిపి 36తో భాగించారు. 150 వచ్చింది. కింద తాము వాడుకున్న 16 యూనిట్లు లెక్కలోకే రాలేదు. ముగ్గురివీ సరైన రీడింగులతో కలిపితే 14, 15, 16, మొత్తం 45. అప్పుడు యూనిట్ 120 రూపాయలే. ఆమె కట్టాల్సింది 1,680. తేడా 1,470 రూపాయలు.

ఉత్తరం రాసే ముందు ఆమె ఇంకో పని చేసింది, ఇది మీరూ తప్పక చేయాలి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి మీటర్ గాజు కింద ఉండే చిన్న చక్రాన్ని చూసింది. అది కదలలేదు. కదిలితే ఫ్లష్ ట్యాంకో, గోడలో పైపో కారుతున్నట్టు. అప్పుడు రీడింగ్ నిజమే అవుతుంది, వాదించాల్సింది బిల్లు గురించి కాదు, రిపేరు గురించి. తర్వాత ఇరవై లీటర్ల క్యాన్‌ని ఐదుసార్లు నింపింది. ఎర్ర అంకెలు సుమారు వంద లీటర్లే ముందుకు జరిగాయి. మీటర్ సరిగ్గానే తిరుగుతోంది. 14 యూనిట్లంటే మనిషికి రోజుకి సుమారు 113 లీటర్లు. నగరాల నీటి సరఫరాకి కేంద్రం మాన్యువల్‌లో పెట్టుకున్న లెక్క 135. ఇది రుజువు కాదు కానీ, వచ్చిన అంకె నమ్మదగ్గదేనని చెబుతుంది.

ఆమె రాసిన ఉత్తరం ఇది:

“అంకుల్‌గారికి నమస్కారం. మే నెల నీళ్ల చీటీ అందింది. అందులో రెండు చోట్ల లెక్క తప్పిందనిపిస్తోంది, ఒకసారి చూడగలరు. మీ ఏప్రిల్ చీటీలో మా ముగింపు రీడింగ్ 246. మే లెక్క 239 నుంచి మొదలైంది. జూన్ 1న రీడింగ్ 260, కాబట్టి మేము వాడింది 14 యూనిట్లు. ట్యాంకర్ల ఖర్చు 5,400ని మూడు పోర్షన్ల 45 యూనిట్లకి పంచితే యూనిట్‌కి 120 పడుతుంది. మా వాటా 1,680 రూపాయలు ఈరోజే పంపాను. మూడు మీటర్ల ఫొటోలు, ఏప్రిల్ చీటీ జత చేశాను. నా లెక్కలో పొరపాటుంటే ఆదివారం మేడ మీద మీటర్ల దగ్గరే కలిసి చూద్దాం.”

ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆమె వదిలేసిన విషయం. ఇంట్లోకి వచ్చిన నీళ్లు 49 కిలోలీటర్లు, సబ్‌మీటర్లు చూపించింది 45. ఆ నాలుగూ ట్యాంకు పొంగి, వాకిలి కడిగి పోయాయి. 45తో భాగించడం వల్ల ఆ నష్టం ముగ్గురి మీదా పడింది. తనకి కలిసొచ్చేలా 49తో భాగించి ఉంటే యూనిట్ 110 చిల్లరకి దిగేది. కానీ వాడిన యూనిట్ల ప్రకారమే పంచుకోవాలని అగ్రిమెంట్‌లో ఉంది. ఆమె దానికే కట్టుబడింది. ఒప్పుకున్నంత డబ్బు వెంటనే కట్టేయడం కూడా మంచి పని. అద్దె ఆపితే నీళ్ల తగువు కాస్తా అద్దె తగువవుతుంది.

ఫొటోల విషయంలో ఒక మాట. ఫోన్‌లో తేదీ మార్చేయడం ఎవరికైనా చేతనవుతుంది, అందుకని తీసి దాచుకుంటే సరిపోదు. తీసిన రోజే ఓనర్‌కి వాట్సాప్‌లో పంపాలి. అవతలి ఫోన్‌లోకి చేరిన సమయాన్ని తర్వాత ఎవరూ కాదనలేరు. గాజు తుడిచి, ఎదురుగా నిలబడి, అంకెలతో పాటు మీటర్ మీదున్న సీరియల్ నంబర్ కూడా కనబడేలా తీయాలి. మూడు మీటర్లు వరసగా ఉన్నచోట నంబర్ లేని ఫొటో ఎవరిదో తేలదు.

కొత్త ఇంట్లో దిగేవాళ్లు తాళాలు చేతికి తీసుకున్న రోజే, సామాను దించకముందే మేడెక్కి మీటర్ ఫొటో తీసి ఓనర్‌కి పంపండి. మీరు వాడకం మొదలుపెట్టాక ఆ మొదటి రీడింగ్ మళ్లీ దొరకదు.