పువ్వు ఎవరిది?

పోయిన సెమిస్టర్ సెమినార్‌కి నేను యు.ఆర్. అనంతమూర్తి గారి 'సంస్కార' తీసుకున్నాను. 1965లో వచ్చిన కన్నడ నవల. తెలుగు డిపార్ట్‌మెంట్‌లో కన్నడ నవలేంటి అని అడిగినవాళ్ళకి రెండు జవాబులు. ఒకటి, తులనాత్మక సాహిత్యం కింద మేడమ్ ఒప్పుకున్నారు. రెండు, 1970లో దాన్ని సినిమాగా తీసింది మన నెల్లూరు పఠాభి. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన పఠాభే, పఠాభిరామిరెడ్డి. చంద్రి వేషం వేసింది ఆయన భార్య స్నేహలత. కాబట్టి మనకి పూర్తిగా పరాయిది కాదు.

మా ఇంట్లో నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడం. నవల కన్నడంలోనే చదివాను, నోట్స్ మాత్రం తెలుగులో రాసుకున్నాను. ఆ నోట్స్‌లో మొదటి పేజీలోనే తప్పు చేశాను. ఒక పట్టిక గీసి, పువ్వు అంటే కోరిక, రాబందు అంటే చావు, బంగారం అంటే ఆశ అని మూడు వరుసలు రాసేశాను. పట్టిక చూడడానికి చాలా బాగుంది. మేడమ్ దాని పక్కన ఎర్ర ఇంకుతో ఒక్క ప్రశ్న వేసి తిరిగిచ్చారు: "ఎవరి కంటికి?"

కథ తెలియనివాళ్ళకోసం రెండు మాటలు. దూర్వాసపురం అనే మాధ్వ బ్రాహ్మణుల అగ్రహారంలో నారణప్ప చనిపోతాడు. ఆచారాలన్నీ వదిలేసి, మాంసం తిని, తాగి, చంద్రి అనే ఆమెతో కాపురం పెట్టినవాడు. అయినా అతణ్ణి కులంనుంచి వెలివేయలేదు. దహనం ఎవరు చెయ్యాలి? దహనం అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టకూడదు. పెద్ద పండితుడైన ప్రాణేశాచార్యులు శాస్త్రాలన్నీ తిరగేసినా జవాబు దొరకదు. కథ అంతా ఈ చిక్కుముడి చుట్టూ తిరుగుతుంది.

మేడమ్ ప్రశ్న తర్వాత నేను నవల మళ్ళీ మొదటినుంచి చదివాను. ఈసారి అర్థాలు రాయలేదు. పువ్వు కనపడిన ప్రతిచోటా నాలుగు సంగతులు మాత్రం రాసుకున్నాను: ఏ పేజీ, ఎవరు చూస్తున్నారు, ఎవరు ఎవరికి ఇస్తున్నారు, దానికి కాస్త ముందూ వెనకా ఏం జరిగింది. పని నిదానంగా సాగింది. కానీ పట్టికలో దాక్కున్నవన్నీ అప్పుడే బయటపడ్డాయి.

మొదటి పువ్వు నవల మొదట్లోనే ఉంది. ప్రాణేశాచార్యుల భార్య భాగీరథి రోగిష్టి, మంచం పట్టిన మనిషి. ఆయన రోజూ ఆమెకి స్నానం చేయించి, పూజ చేసి, దేవుడి దగ్గర పెట్టిన పువ్వు తెచ్చి ఆమె జడలో పెట్టి, తర్వాత గంజి ఇస్తాడు. మొదటిసారి ఇది నా కంటికి ఆననే లేదు. మా అవ్వ కూడా గుడినుంచి వస్తూ ప్రసాదం పువ్వు తలలో పెట్టుకుంటుంది కదా, అందులో రాసుకోవడానికి ఏముందని దాటేశాను. ఎక్కువగా దాటిపోయేది ఇలాంటివాటినే. మనకి మామూలుగా కనపడేది నవలలో ఏ చోటుంది అన్నది చూడం.

రెండోది నారణప్ప ఇంటి ముందుది. అగ్రహారంలో మిగతా ఇళ్ళ పెరళ్ళలో పూలమొక్కలు దేవుడి పూజకోసం. నారణప్ప ఇంటి ముందు పూలు మాత్రం చంద్రి జడకి, పడకగదిలో పూలకూజాకి. ఆ ఇంటి ముందు రాత్రిరాణి పొద ఉంది. దాని ఘాటు వాసన చీకటి పడ్డాక తెలుస్తుంది. "పువ్వు అంటే కోరిక" అని నేను రాసింది ఈ ఒక్క చోటు చూసే. ఇక్కడ ఆ మాట నిజమే. కానీ ఎవరి కంటికి నిజం? పూజకి పనికిరాని పువ్వుని పాపంగా చూసే అగ్రహారం కంటికి. చంద్రి కంటికి అది జడలో పెట్టుకునే పువ్వు, అంతే.

ఇప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టండి. ఒక ఇంట్లో దేవుడి పువ్వు భార్య జడలోకి వెళ్తోంది. ఇంకో ఇంట్లో పువ్వు నేరుగా ఆడమనిషి జడలోకే వెళ్తోంది. అగ్రహారం ఈ రెండిటికీ మధ్య పెద్ద గోడ కట్టింది. నవల మాత్రం రెండు పూలనీ చివరికి ఒకే చోట, జడలో, పెట్టింది. ఆచార్యుడి పువ్వులో ప్రేమ ఉందా, కర్తవ్యమేనా? రోగిష్టి అని తెలిసే భాగీరథిని చేసుకుని, ఆ సేవనే తన తపస్సు అనుకున్న మనిషి ఆయన. ఆ పువ్వు ఆమెకి ఇచ్చాడా, తన పుణ్యానికి ఇచ్చుకున్నాడా అన్నది నేను తేల్చలేకపోయాను. ఆయన చెయ్యి మెత్తగానే ఉంటుంది, అదొక్కటి చెప్పగలను.

మూడోది వచ్చేసరికి నా పట్టిక పూర్తిగా చిరిగిపోయింది. శాస్త్రాల్లో జవాబు దొరక్క ఆచార్యుడు అడవిలో ఉన్న మారుతి గుడికి వెళ్తాడు. మన వైపు గుళ్ళలో 'హూ ప్రసాద' అడగడం చూసే ఉంటారు. మనసులో ఒక ప్రశ్న అనుకుని దేవుడి ముందు కూర్చుంటారు, విగ్రహం మీదనుంచి పువ్వు కుడివైపు పడితే ఒక జవాబు, ఎడమవైపు పడితే ఇంకొకటి. ఆచార్యుడు అలా అడిగి రోజంతా కూర్చుంటాడు. పువ్వు ఎటూ పడదు. చీకటి పడ్డాక లేచి వస్తుంటే అడవిలో చంద్రి ఎదురవుతుంది. ఆకలితో సోలిపోయిన మనిషికి తన దగ్గరున్న అరటిపళ్ళు తినిపిస్తుంది. ఆయన జీవితం మారిపోయేది ఆ రాత్రే.

ఇక్కడ పువ్వు కోరిక కాదు, భక్తి కూడా కాదు, అది జవాబు చెప్పే నోరు. ఆ నోరు మెదలలేదు. "పువ్వు పడకపోవడమే దేవుడి అనుమతి" అని ఒకరు చదవచ్చు. "దేవుడు లేడు" అని ఇంకొకరు చదవచ్చు. "మనిషే తేల్చుకోవాలి" అని మూడోవారు అనచ్చు. నవల మూడిటికీ చోటిచ్చింది, ఒక్కదాన్నీ ఖాయం చెయ్యలేదు.

అలాగని ఏదైనా ఏ అర్థమైనా అవుతుందని కాదు. సెమినార్‌లో నా స్నేహితురాలు ఒకతె, "అయితే పువ్వు అంటే స్వచ్ఛత అని నేనంటాను, తప్పేంటి?" అని అడిగింది. నా నాలుగు గడుల నోట్స్ అప్పుడే పనికొచ్చింది. ఏ చోట, ఎవరి కంటికి అని అడిగితే ఆమె ఒక్క పేజీ కూడా చూపించలేకపోయింది. నాకూ అలాంటి దెబ్బ తగిలింది. పక్క అగ్రహారం పేరు పారిజాతపురం. పేరులోనే పువ్వుందని సంబరపడి దాన్నీ వరుసలో చేర్చాను. రెండోసారి చదివితే ఆ పేరు వచ్చిన చోట ఎవరూ పువ్వుని చూడ్డంలేదు, ఇవ్వడంలేదు, అడగడంలేదు. అది ఊరి పేరు మాత్రమే అని కొట్టేశాను. కొంచెం బాధేసింది, నిజం చెప్పాలంటే.

ఇక రాబందులు. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చిన భాగం. ఎందుకంటే నేను చేసిన తప్పే అగ్రహారం వాళ్ళు కూడా చేస్తారు. శవం ఇంట్లోనే ఉంది, ఊరంతా దుర్వాసన, ఇళ్ళ కప్పుల మీద రాబందులు వచ్చి వాలాయి. బ్రాహ్మణులు భయపడి జాగటలు కొట్టి, శంఖాలు ఊది తోలుతారు. వాళ్ళకి అది అపశకునం, సంస్కారం లేకుండా పడున్న శవం తెచ్చిన కీడు. రాబందులకి మాత్రం శకునాలతో పనిలేదు. ఎలుకలు బయటికొచ్చి గిరగిరా తిరిగి చస్తున్నాయి, అవి తినడానికొచ్చాయి. ఎలుకలు చచ్చేది ప్లేగు వల్ల. నారణప్ప పోయింది కూడా శివమొగ్గనుంచి తిరిగొచ్చాక పట్టిన జ్వరంతోనే. గుర్తుకి ఒకే అర్థం ఖాయం చేసుకున్నందువల్ల వాళ్ళు ఎలుకని చూడలేదు, శవాన్నే చూశారు. ఇంకా ఘోరం, ఆ శవం అప్పటికే అక్కడ లేదు! చంద్రి రాత్రికి రాత్రి అహ్మద్ బ్యారి అనే చేపల వ్యాపారి సాయంతో దాన్ని కాల్చేసి వెళ్ళిపోయింది. ఆ సంగతి మనకి తెలుసు, వాళ్ళకి తెలియదు. లేని శవం చుట్టూ భయపడుతూ, ఉన్న రోగంతో ఒక్కొక్కరే పోతారు. భాగీరథి కూడా.

అయితే రాబందు ఉత్త పక్షేనా, గుర్తు కాదా? నేను అలా కూడా అనను. వర్ణనలో ఆ పక్షులు కప్పులమీద కూర్చున్న తీరు చదివితే నాకూ భయమేసింది, ప్లేగు సంగతి తెలిసి కూడా. కాబట్టి నోట్స్‌లో ఆ పేజీకి రెండు వరుసలు రాసుకున్నాను: ఊరి కంటికి ఒకటి, ఎలుకని చూసిన పాఠకుడి కంటికి ఒకటి. రెండూ కొట్టెయ్యలేదు.

నవల పేరు దగ్గర కూడా ఇదే తంటా. కన్నడంలో సంస్కార అంటే అంత్యక్రియ, శుద్ధి చెయ్యడం, మనిషికి అబ్బే నాగరికత, అన్నీ. తెలుగులో 'సంస్కారం' అనగానే మనకి ముందు మర్యాద తడుతుంది, చావు తట్టాలంటే 'దహన' అని ముందు తగిలించాలి. రెండు భాషల ఇంట్లో పుట్టినందుకు ఒక్క మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

బంగారం గురించి రాయడానికి ఇక్కడ చోటు లేదు. చంద్రి అంత్యక్రియల ఖర్చుకని నగలు తీసి పెట్టిన క్షణంనుంచి ఊరివాళ్ళ శాస్త్రం ఎలా మెత్తబడిందో మీరే చదవండి, నాలుగు గడులు గీసుకుని.

మారుతి గుడి భాగం ఒక సాయంత్రం మా అవ్వకి చదివి వినిపించాను. ఆమెకి చదువు లేదు, కానీ హూ ప్రసాద చాలాసార్లు అడిగిన మనిషి. "పువ్వు ఎటూ పడకపోతే ఏమర్థం అవ్వా?" అన్నాను. ఒత్తి చేసుకుంటూనే, "నేనైతే ప్రశ్న సరిగ్గా అడగలేదేమో అనుకుని మళ్ళీ అడుగుతా. మీ తాత మాత్రం లేచి వచ్చేసేవాడు" అంది. ఆ రెండూ మూడో పువ్వు వరుస కింద రాసుకున్నాను.