మధ్యవర్తి తప్పుకుంటే...

ఒక సర్వర్‌లో పది వర్చువల్ మెషీన్లు నడుస్తున్నాయనుకుందాం. వాటిని గెస్టులంటారు, మోసే సర్వర్‌ను హోస్ట్ అంటారు. సాధారణంగా గెస్టుకు కనిపించేది సాఫ్ట్‌వేర్ సృష్టించిన ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు. బయటి నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ ముందు హోస్ట్ అందుకుని, అది ఎవరిదో చూసి, ఆ గెస్ట్ మెమరీలోకి కాపీ చేసి, వచ్చిందని కబురు పెట్టాలి.

మామూలు వెబ్‌సైటుకు ఈ పద్ధతి బాగానే సరిపోతుంది. ప్యాకెట్లు ముంచెత్తినప్పుడే చిక్కు. సెకనుకు 10 గిగాబిట్ల లైను మీద 64 బైట్ల చిన్న ప్యాకెట్లు వరసకడితే సెకనుకు దాదాపు 1.48 కోట్లు వస్తాయి. ఒక్కోదానికి చిక్కే వ్యవధి సుమారు 67 నానోసెకన్లు. ప్రాసెసర్ ఒక్కసారి మెమరీ దాకా వెళ్లిరావడానికే దాదాపు అంత సమయం పడుతుంది. ఇక కాపీలకు, కబుర్లకు తీరికెక్కడిది?

ఎస్‌ఆర్‌-ఐఓవీ ఈ మధ్యవర్తినే తప్పిస్తుంది. పీసీఐ ప్రమాణాలు రూపొందించే పీసీఐ-సిగ్ సంస్థ దీన్ని 2007లో విడుదల చేసింది. ఇందులో ఒకే కార్డు తనను అనేక చిన్న కార్డులుగా చూపించుకుంటుంది. ఈ చిన్నవే వర్చువల్ ఫంక్షన్లు, క్లుప్తంగా వీఎఫ్‌లు. ఒక్కోదానికి సొంత క్యూలు, సొంత మ్యాక్ చిరునామా ఉంటాయి. ఇంటెల్ 82599 కార్డు లైనక్స్‌లో ఒక్కో పోర్టుకు 63 వీఎఫ్‌లు ఇస్తుంది. వీఎఫ్‌ను అప్పగిస్తే కార్డు ప్యాకెట్‌ను నేరుగా గెస్ట్ మెమరీలోనే రాస్తుంది. పక్క గెస్ట్ మెమరీ జోలికి పోకుండా ఐఓఎమ్‌ఎమ్‌యూ అనే హార్డ్‌వేర్ కాపలా కాస్తుంది.

నాలుగు వీఎఫ్‌లు పుట్టించి, మొదటిదానికి చిరునామా, వీల్యాన్ కట్టబెట్టడానికి రెండే వరసలు:

```
echo 4 > /sys/class/net/enp3s0f0/device/sriov_numvfs
ip link set enp3s0f0 vf 0 mac 52:54:00:12:34:01 vlan 100
```

నాలుగు చాలక ఎనిమిది కావాలనుకుంటే మాత్రం నేరుగా 8 రాస్తే కుదరదు. ముందు 0 రాయాలి, అంటే ఉన్న నాలుగూ పోవాలి. వాటిని వాడుతున్న గెస్టుల నుంచి ముందే విడదీసుకోవాలి. బిగువు ఇక్కడే మొదలవుతుంది.

అసలు నష్టం లైవ్ మైగ్రేషన్ దగ్గర. గెస్టును ఆపకుండానే మరో సర్వర్‌కు తరలించాలంటే, అది నడుస్తుండగానే మెమరీని పేజీ పేజీగా పంపి, ఈలోగా మారిన పేజీలను మళ్లీ పంపుతారు. ఏ పేజీ మారిందో హోస్టుకు తెలియాలి. ప్రాసెసర్ రాసిన మార్పులు తెలుస్తాయి గానీ, కార్డు నేరుగా రాసినవి ఆ లెక్కలోకి రావు. పైగా వీఎఫ్ స్థితి కార్డు చిప్‌లోనే ఉంటుంది. దాన్ని బయటికి తీసి మరో కార్డులో నింపే దారి పాత కార్డుల్లో లేదు. అందుకే అలాంటి వీఎఫ్ తగిలించి ఉంటే క్యూఈఎంయూ తరలింపుకే ఒప్పుకోదు. కార్డు ఎప్పుడు ఎక్కడ రాస్తుందో తెలియదు కాబట్టి గెస్ట్ మెమరీ మొత్తాన్నీ కదలకుండా కట్టేయాలి కూడా. 64 జీబీ గెస్ట్ ఖాళీగా కూర్చున్నా ఆ 64 జీబీ మరొకరికి దక్కదు.

గెస్ట్ లోపల బ్రిడ్జి వేసి కంటైనర్లకు వేరే మ్యాక్ చిరునామాలు ఇచ్చినవారికి మరో తలనొప్పి. గెస్టులో `tcpdump` పెడితే ప్యాకెట్లు వెళ్తున్నట్టే కనిపిస్తాయి, జవాబు మాత్రం రాదు. హోస్టులో వెతికితే అసలు ప్యాకెట్లే కనిపించవు, అవి ఆ దారిన వెళ్లవు మరి. తనకిచ్చిన చిరునామా కానిదాన్ని కార్డే ఆపేస్తోంది. 82599 అయితే హోస్ట్ `dmesg`లో `Spoofed packets detected` అన్న వరస గుట్టు విప్పుతుంది. `spoofchk off` అని ఆ తనిఖీ తీసేయవచ్చు, కానీ అది మోసగాళ్ల మీద పెట్టిన కాపలా కూడా.

మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఈ రెంటినీ కలుపుకున్న తీరు చూడదగ్గది. అక్కడి యాక్సిలరేటెడ్ నెట్‌వర్కింగ్‌లో గెస్టుకు వీఎఫ్‌తో పాటు పాత సాఫ్ట్‌వేర్ కార్డు కూడా ఉంటుంది. రెండింటికీ ఒకటే మ్యాక్ చిరునామా. హోస్టుకు మరమ్మతు వస్తే వీఎఫ్‌ను వెనక్కి లాగేస్తారు, ప్యాకెట్లు పాత దారికి మళ్లుతాయి. పని పూర్తయ్యాక వీఎఫ్ తిరిగి వస్తుంది. కనెక్షన్లు తెగవు, కాసేపు వేగం తగ్గుతుంది. హోస్ట్ సాఫ్ట్‌వేర్ అమలు చేసే భద్రతా నియమాలు వీఎఫ్ దారిలో తప్పిపోకుండా, వాటిని కార్డు పక్కనే పెట్టిన ఎఫ్‌పీజీఏ చిప్‌కు అప్పగించారు. లైనక్స్‌లోకి 2018లో వచ్చిన `net_failover` డ్రైవర్‌దీ ఇదే జోడు పద్ధతి.

వేగం కోసం వీఎఫ్‌తో నేరుగా ముడిపడిన ప్రోగ్రాములకు మాత్రం ఈ రక్షణ దానంతటదే దొరకదు. వీఎఫ్ మాయమైతే ఏం చేయాలో అవే చూసుకోవాలి. మిగతావారు ఇప్పుడు ఏ దారిలో ఉన్నారో గెస్ట్ లోంచే తెలుసుకోవచ్చు:

```
ethtool -S eth0 | grep vf_
```

`vf_rx_packets`, `vf_tx_packets` అంకెలు పెరుగుతుంటే నేరు దారి. ట్రాఫిక్ నడుస్తున్నా అవి కదలకపోతే ప్యాకెట్లు మళ్లీ హోస్ట్ చేతుల మీదుగానే వెళ్తున్నాయన్నమాట.