పాత కార్డులను డిలీట్ చేసే ముందు

ట్రెల్లో బోర్డులో పూర్తయిన పని కార్డును ఆర్కైవ్ చేస్తే అది కంటికి కనిపించదు గానీ ఎక్కడికీ పోదు. వెతికితే దొరుకుతుంది, మళ్లీ బోర్డు మీదికి తెచ్చుకోవచ్చు. డిలీట్ చేసిన కార్డు మాత్రం తిరిగి రాదు. అందుకే ఏ కార్డు ఎంతకాలం ఉండాలో ముందే రాసిపెట్టుకోవాలి.

లిఫ్టులు బాగుచేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఒకటి ఉందనుకుందాం. పని ముగిసి మూడు నెలలైన కార్డును ఆర్కైవ్ చేయాలని, ఫోన్ చేసి కనుక్కోవడం వంటి చిల్లర పనుల కార్డులను ఏడాది తర్వాత తీసేయాలని నియమం పెట్టుకోవచ్చు. బిల్లులు, వోచర్లు జతచేసిన కార్డులకు ఇది చెల్లదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలనూ వాటి వోచర్లనూ కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలి.

డిలీట్‌కు ముందు బోర్డును జేసన్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఆర్కైవ్ చేసిన కార్డులూ అందులో `"closed": true` అన్న గుర్తుతో వస్తాయి. అసలు చిక్కు కామెంట్ల దగ్గర ఉంది. ట్రెల్లో కామెంటును కార్డులో భాగంగా కాక, బోర్డు మీద జరిగిన ఒక చర్యగా లెక్కిస్తుంది. కార్డును జరపడం, గడువు మార్చడం కూడా చర్యలే. బోర్డు ఎక్స్‌పోర్ట్‌లో చివరి 1000 చర్యలే వస్తాయి. ఈ కంపెనీ బోర్డులో రోజుకు 40 చర్యలు జరిగితే, ఫైలులో ఉండేది 25 రోజుల చరిత్రే. ఏ మెకానిక్ ఏ భాగం మార్చాడో రాసిన మూడేళ్లనాటి కామెంటు అందులో ఉండదు. అంటే, తీసేయబోతున్న కార్డుల కామెంట్లే బ్యాకప్‌లో లేకుండా పోతాయి! కార్డు పేరు, వివరణ ఫైలులో కనిపిస్తాయి గనుక ఈ లోటు చప్పున తెలియదు.

తెలుసుకోవాలంటే ఫైలులోని `actions` జాబితాలో అన్నిటికంటే పాత `date` చూడాలి. అది తీసేయబోయే కార్డుల కాలం దాకా వెళ్లకపోతే, ముఖ్యమైన కార్డులను తెరిచి ఒక్కొక్కటిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. శ్రమే, కానీ చేసి తీరాల్సిన శ్రమ. ఇక ముందు 1000 చర్యలు దాటకముందే, పై లెక్కన మూడు వారాలకోసారి, ఫైలు దించుకుంటూ ఉంటే చరిత్ర తెగిపోదు.

జతచేసిన ఫొటోలు, బిల్లులు జేసన్‌లోకి రావు, వాటి లింకులే వస్తాయి. కార్డు పోయాక ఆ లింకులను నమ్ముకోలేం. కాబట్టి ఫైళ్లను విడిగా దించుకుని, తెరిచి చూసి, కార్డు పేరుతో భద్రపరచాలి.

జేసన్ ఫైలును తిరిగి ట్రెల్లోలోకి ఎక్కించే సదుపాయం ట్రెల్లోలో లేదు. అది చదువుకోవడానికి పనికొచ్చే నకలే తప్ప, బోర్డును మళ్లీ నిలబెట్టేది కాదు. ఏ కార్డు విషయంలో సందేహం ఉన్నా దాన్ని ఆర్కైవ్‌లోనే ఉంచేయడం మంచిది.