‘రాలేను’ తర్వాత ఇంకో వాక్యం

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. మనవి జరగవు. దాంతో న్యూజెర్సీలో ప్రతి మంగళవారం ఉదయం 11కు జరిగే మీటింగ్, హైదరాబాద్‌లో రాత్రి 8.30 నుంచి 9.30కు మారిపోతుంది. మాదాపూర్ ఆఫీసులో టెస్టింగ్ చేసే ఒక తల్లికి అది పాపను నిద్రపుచ్చే వేళ.

ఇలాంటప్పుడు చాలామంది Decline నొక్కి ఊరుకుంటారు. పిలిచినవారికి కారణం తెలియదు, పని ఎక్కడుందో తెలియదు. Tentative పెట్టి నాన్చడం అంతకన్నా చెడ్డది. వస్తారో రారో తేలక అవతలివాళ్లు ఎదురుచూస్తూ కూర్చుంటారు.

Outlookలో Decline and Propose New Time అని ఉంటుంది. అది నొక్కే ముందు అవతలివారి క్యాలెండర్‌లో ఖాళీ చూసుకోవాలి. ఆమె అలాగే చూసి, ముందురోజే ఇలా రాసింది:

“నమస్తే అండీ. రేపు రాత్రి 9.30కి రాలేను. మీ ఉదయం 9, అంటే మా రాత్రి 7.30 అయితే తప్పక ఉంటాను. కుదరకపోతే మీరు ఆఫీసుకొచ్చే సరికి మెయిల్ పంపుతాను. పూర్తయిన టెస్టులు, ఫెయిలైనవి, మీరు తేల్చాల్సిన ఒక విషయం అందులో ఉంటాయి.”

రెండు వేళలూ రాయడం వల్ల లెక్క తప్పే ప్రమాదం పోయింది. పని ఎంతవరకొచ్చిందో చెప్పడానికి మెయిల్ చాలు. నలుగురూ వాదించి తేల్చుకోవాల్సిన విషయానికి మాత్రం చాలదు, అప్పుడు వేళే మార్చమని అడగాలి.

ఒకటి గుర్తుంచుకోండి: పిలిచినవారు ఒప్పుకుని మార్చేదాకా మీటింగ్ పాత వేళకే ఉంటుంది.